పక్షవాతంతో మంచాన ఉన్న పేషెంటుకు కేర్ ప్లాన్: 'రిలేటెడ్ టు' తర్వాత ఏం రాస్తున్నారు?

ప్రశ్న: జీఎన్ఎం సెకండియర్ అండి, కాకినాడ. పక్షవాతం వచ్చి మంచంలోనే ఉన్న ఒక తాతగారి మీద కేర్ ప్లాన్ రాశాను. మేడం రెండుసార్లు "ఇది ఏ పేషెంటుకైనా సరిపోతుంది" అని వెనక్కిచ్చేశారు. అసెస్‌మెంట్ నుంచి ఇవాల్యుయేషన్ దాకా ఎలా రాయాలో ఒక్క డయాగ్నోసిస్ పట్టుకుని ఎవరైనా చెప్పగలరా?

సమాధానం:

మీ ప్లాన్ తెరిచి నర్సింగ్ డయాగ్నోసిస్‌లో "రిలేటెడ్ టు" తర్వాత ఏం రాశారో చూడండమ్మా. అక్కడ "స్ట్రోక్" అనో, ఉత్త "ఇమ్మొబిలిటీ" అనో ఉంటే మేడం వెనక్కిచ్చింది అందుకే. స్ట్రోక్‌ని మనం తగ్గించలేం, అది డాక్టరుగారి పని. ఆ చోట నర్సు చేత్తో మార్చగలిగిన కారణం రాయాలి. అది సరిగ్గా పడితే ఇంటర్వెన్షన్లు దానంతటవే వస్తాయి. అది పడకపోతే "రెండు గంటలకోసారి తిప్పాలి, పరిశుభ్రత పాటించాలి, సైకలాజికల్ సపోర్ట్ ఇవ్వాలి" అని ప్రతి కేస్ బుక్కులోనూ ఉండే ఆ మూడు లైన్లే మిగులుతాయి.

నేను ఇరవై రెండేళ్లుగా స్టాఫ్ నర్సుని, ఎక్కువ కాలం మెడికల్ వార్డులోనే. నేను చూసిన ఒక మామ్మగారి కేసు చెప్తాను. మీ తాతగారికి దాన్ని కాపీ కొట్టకండి, నడక మాత్రం పట్టుకోండి.

రాజోలు దగ్గర ఊరు. డెబ్బై ఏళ్లు, 44 కిలోలు. ఎడమవైపు మెదడులో స్ట్రోక్ వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట ముద్దగా వస్తోంది. నేను చూసేసరికి తొమ్మిదో రోజు. మే నెల, వార్డులో ఫ్యాను తిరుగుతున్నా వీపు కింద దుప్పటి చెమటకి తడిసిపోయేది. కాథెటర్ లేదు, డైపర్ వేస్తున్నారు. దగ్గరుండేది కోడలు ఒక్కతే.

ముందు అసెస్‌మెంట్. చాలామంది పిల్లలు కేస్ షీట్ తెచ్చుకుని అందులోంచి బీపీ, పల్స్, సీటీ రిపోర్టు ఎక్కించేసి అసెస్‌మెంట్ అయిపోయిందనుకుంటారు. మంచాన ఉన్న మనిషికి అసెస్‌మెంట్ అంటే పక్కకి తిప్పి ఒళ్లంతా చూడటం. తల వెనక, చెవులు, భుజం రెక్కలు, మోచేతులు, నడుం కింద త్రికాస్థి దగ్గర, తుంటి ఎముకలు రెండూ, చీలమండలు, మడమలు. ఆక్సిజన్ గొట్టం ఉంటే చెవి వెనక కూడా. మడమల దగ్గర నేనే ఒకసారి దెబ్బతిన్నాను. కొత్తలో ఒక పేషెంటుకి నడుం మాత్రం చూసి "చర్మం బాగుంది" అని రాసేశాను. మర్నాడు సాక్స్ తీస్తే పడిపోయిన కాలి మడమ మీద రూపాయి బిళ్లంత ఊదారంగు మచ్చ. అది పైన కనబడేంతే ఉండదు, లోపలి కండ అప్పటికే దెబ్బతిని ఉంటుంది. అప్పట్నుంచి సాక్స్ తీయకుండా అసెస్‌మెంట్ రాయను.

మామ్మగారిని ఎడమ పక్కకి తిప్పితే త్రికాస్థి మీద ఎర్రగా కనిపించింది. పేపర్ టేపు పెట్టి కొలిస్తే 3 సెంటీమీటర్లు పొడవు, 2 వెడల్పు. చర్మం చిట్లలేదు. వేలితో మూడు సెకన్లు నొక్కి వదిలాను. మామూలు ఎరుపైతే నొక్కిన చోట తెల్లబడి మళ్లీ రంగొస్తుంది. ఇది తెల్లబడలేదు. అంటే స్టేజ్ 1 ప్రెజర్ అల్సర్ మొదలైపోయింది. ఒక మాట గుర్తుంచుకోండి: పుస్తకాల్లో ఈ బొమ్మలు ఎక్కువగా తెల్ల చర్మం మీదే ఉంటాయి. మన చామనచాయ, నలుపు ఒళ్ల మీద ఎరుపు కనబడకపోవచ్చు, నొక్కితే తెల్లబడటమూ తెలియకపోవచ్చు. అప్పుడు చేతి వెనకభాగం ఆనించి చూడండి. పక్క చర్మం కంటే వెచ్చగా ఉందా, చల్లగా ఉందా, గట్టిపడిందా, మెత్తబడిందా, ముట్టుకుంటే మూలుగుతున్నారా. మామ్మగారికి అక్కడ వెచ్చగా, కాస్త గట్టిగా ఉంది.

ఒత్తిడి పుండు ముప్పు కొలిచే బ్రేడెన్ స్కేల్ వేశాను. స్పర్శ గ్రహింపు 3, తేమ 2, యాక్టివిటీ 1, కదలిక 2, ఆహారం 2, రాపిడి 1, మొత్తం 11. ఈ స్కేల్లో మార్కులు తగ్గేకొద్దీ ముప్పు పెరుగుతుంది. 18, అంతకన్నా తక్కువైతే ముప్పు ఉన్నట్టు, 10 నుంచి 12 మధ్య అంటే ఎక్కువ ముప్పు. కానీ "స్కోర్ 11" అని రాసి వదిలేస్తే ఉపయోగం లేదు. ఏ గళ్లలో మార్కులు పోయాయో చూడాలి. ఇక్కడ కదలలేకపోవడంతో పాటు తేమ, రాపిడి, తిండి కూడా మార్కులు తినేశాయి. మన కారణాలు అక్కడే దొరుకుతాయి.

సబ్జెక్టివ్ డేటా కింద పేషెంటు మాట్లాడలేకపోతే దగ్గరున్నవాళ్ల మాట వాళ్ల నోటి మాటగానే రాయండి. కోడలు అన్నది నేను ఇలాగే రాశాను: "రాత్రి ఒక్కసారి తిప్పానండీ. మూలుగుతుంటే భయమేసి మళ్లీ ముట్టుకోలేదు. డైపర్ పొద్దున్నా సాయంత్రం మారుస్తున్నాను." ఈ మూడు వాక్యాల్లో రెండు కారణాలున్నాయి.

డయాగ్నోసిస్ ఇలా రాశాను: "ఇంపెయిర్డ్ స్కిన్ ఇంటెగ్రిటీ రిలేటెడ్ టు త్రికాస్థి మీద ఎక్కువసేపు ఒత్తిడి (తనంతట తాను తిరగలేకపోవడం), డైపర్ గంటల తరబడి తడిగా ఉండటం, మంచంలో కిందికి జారడం వల్ల రాపిడి, తిండి చాలకపోవడం, యాజ్ ఎవిడెన్స్డ్ బై 3×2 సెం.మీ. ఎరుపు, నొక్కినా తెల్లబడకపోవడం, పక్క చర్మం కంటే వేడి." మీరు ఇంగ్లిష్‌లోనే రాస్తారు, చట్రం మాత్రం ఇదే. ఇక్కడ "రిస్క్ ఫర్" అని రాయకూడదు, ఎందుకంటే సమస్య ఇప్పటికే కళ్లెదురుగా ఉంది. అదే మీ తాతగారికి చర్మం ఎక్కడా మారలేదనుకోండి, అప్పుడు "రిస్క్ ఫర్" రాయాలి. దానికి లక్షణాలు ఉండవు, ముప్పు తెచ్చే కారణాలు మాత్రమే ఉంటాయి. ఈ తేడాకే సగం మార్కులు పోతాయి.

ఇంకొకటి, వరుస. మామ్మగారు నీళ్లు తాగుతుంటే దగ్గొచ్చేది. అంటే ఆహారం ఊపిరితిత్తుల్లోకి పోయే ముప్పు. ప్రాధాన్యంలో అది ఒకటి, చర్మం రెండు. మలబద్ధకం, కీళ్లు బిగుసుకోవడం ఆ తర్వాత. మీరడిగింది ఒక్కటే కాబట్టి చర్మం దగ్గరే ఉంటాను. కానీ ఆ మొదటి సమస్య మళ్లీ అడ్డొస్తుంది, చూడండి.

గోల్. "పేషెంట్ విల్ హావ్ గుడ్ స్కిన్" అని రాస్తే అది కోరిక. నేను రాసింది: 72 గంటల్లో ఎరుపు 3×2 కంటే తగ్గాలి, చర్మం చిట్లకూడదు, కొత్త చోట ఎరుపు రాకూడదు. డిశ్చార్జి లోపు కోడలు నేను పక్కన నిలబడి చూస్తుండగా తనే సరిగ్గా తిప్పి చూపించాలి. టేపుతో కొలిచేది, కంటితో చూసేది మాత్రమే గోల్లో ఉండాలి. 72 గంటలని ఎందుకు పెట్టానంటే స్టేజ్ 1 ఒత్తిడి తీసేస్తే కొన్ని రోజుల్లోనే తగ్గుతుంది. అదే స్టేజ్ 3 పుండుకి మూడు రోజుల గోల్ రాస్తే నవ్వుతారు, దానికి వారాలూ నెలలూ పడుతుంది.

ఇంటర్వెన్షన్లు. ఒక్కో కారణానికి ఒక్కో సమాధానం.

ఒత్తిడికి: ఎడమ పక్క రెండు గంటలు, కుడి పక్క ఒక గంట. కుడి పక్క తక్కువ ఎందుకంటే అది పడిపోయిన వైపు, నొప్పి సరిగ్గా తెలియదు. వెల్లకిలా తినేటప్పుడు తప్ప వద్దు, ఎరుపు ఉన్నదే అక్కడ. పక్కకి తిప్పడమంటే నిలువుగా 90 డిగ్రీలు కాదు. అలా పడుకోబెడితే బరువంతా తుంటి ఎముక మీద పడి అక్కడ ఇంకో పుండు తెస్తుంది. 30 డిగ్రీల వాలు చాలు. భుజం నుంచి పిరుదు దాకా దిండు పెట్టి, మీ అరచెయ్యి త్రికాస్థి కిందికి పోనివ్వండి. చెయ్యి సులువుగా ఆడితే ఎముక మంచాన్ని తాకట్లేదన్నమాట. ఇరుక్కుంటే దిండు సర్దాలి. నేను ప్రతిసారీ ఈ చెయ్యి పరీక్ష చేస్తాను, కోడలికీ అదే నేర్పాను. కాళ్ల కింద దిండు పిక్కల దగ్గర పెట్టి మడమలు గాల్లో తేలేలా ఉంచాలి. మడమ కింద నీళ్లు నింపిన గ్లవ్ పెట్టడం, నడుం కింద గాలి రింగు వెయ్యడం మానెయ్యండి. రింగు వేస్తే మధ్యలో చర్మం చుట్టూ బిగిసి రక్తం ఆగుతుంది.

తడికి: తిప్పిన ప్రతిసారీ డైపర్ చూడాలి, తడైతే అప్పుడే మార్చాలి. మంచినీళ్లతో తుడిచి, రుద్దకుండా అద్ది ఆరబెట్టి, జింక్ ఆక్సైడ్ క్రీము పల్చగా. పౌడరు వద్దు. మే నెల చెమటకి మడతల్లో ముద్దకట్టి గీరుకుంటుంది. ఆయ్, కొబ్బరినూనె సంగతి కూడా చెప్పాలి. మా కోనసీమలో ఎర్రబడితే ముందు నూనె రాసి గట్టిగా మర్దనా చేస్తారు. ఒళ్లంతా మెల్లగా రాస్తే అభ్యంతరం లేదు. ఎర్రబడ్డ ఎముక మీద మాత్రం రుద్దకూడదు. లోపల దెబ్బతిన్న సన్న రక్తనాళాలు ఇంకా నలిగిపోతాయి. ఇది కోడలికంటే వాళ్ల అత్తగారి చెల్లెలికి చెప్పడం కష్టమైంది.

రాపిడికి: పైకి జరపాలంటే చంకల్లో చేతులేసి లాగకూడదు. నడుం కింద డ్రా షీటు వేసి ఇద్దరు చెరో పక్క పట్టుకుని ఎత్తి జరపాలి. తల వైపు 30 డిగ్రీలకు మించి ఎత్తకూడదు.

తిండికి: 44 కిలోల మనిషికి కిలోకి 1.25 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ లెక్కన రోజుకి 55 నుంచి 66 గ్రాములు. ఆవిడకి అందుతున్నది జావ, మజ్జిగ, అంతే. కిడ్నీ రిపోర్టు బాగుందో లేదో డాక్టరుగారిని అడిగాక గుడ్డు, మెత్తగా చేసిన పప్పు, పెరుగు చేర్చాం. ఒక గుడ్డులో ఆరు గ్రాములే ఉంటుంది, కాబట్టి "గుడ్డు పెట్టాం" అని రాసి ఊరుకుంటే లెక్క తేలదు. రోజుకి ఎంత తిన్నారో రాయండి.

రేషనేల్ కాలమ్‌లో పుస్తకం వాక్యం ఎక్కించకండి. "30 డిగ్రీల వాలులో త్రికాస్థి మీదా తుంటి మీదా బరువు పడదు" అని ఆ పేషెంటుకి వర్తించే ఒక్క వాక్యం చాలు.

ఇక ఇవాల్యుయేషన్. అందరూ "గోల్ మెట్" అని రాసి గీత కొట్టేసే చోటు ఇదే. మా కేసులో 48 గంటలకి కొలిస్తే 3×2, అంగుళం కూడా కదల్లేదు. టర్నింగ్ చార్టు తీశాను. రాత్రి పది, పన్నెండు, రెండు, నాలుగు, ఆరు, అన్నిట్లోనూ టిక్కులున్నాయి. అన్నీ ఒకే పెన్ను, ఒకే వాలు, ఒకే ఒత్తు. పొద్దున్న ఒక్కసారే కూర్చుని పెట్టిన టిక్కులని చూడగానే తెలుస్తుంది. ఆ అమ్మాయిని తిట్టలేదు, వార్డంతటికీ రాత్రి ఒక్క సిస్టరే. కానీ చార్టు అబద్ధం చెబితే ప్లాన్ తప్పో, ప్లాన్ అమలు కాకపోవడం తప్పో మనకి తెలియకుండా పోతుంది.

అయినా నాకు అదొక్కటే కారణం అనిపించలేదు. పగలు నేనున్నాను, పగలు తిప్పుతూనే ఉన్నాం. మర్నాడు పొద్దున్న టిఫిన్ వేళ మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఎనిమిదింటికి కోడలు తల వైపు బాగా పైకెత్తి, పాలల్లో మెత్తగా కలిపిన ఇడ్లీ స్పూనుతో పెట్టింది. తల ఎత్తి పెట్టమని మేమే చెప్పాం, ఆహారం ఊపిరితిత్తుల్లోకి పోకుండా. తినడం అయ్యాక అలాగే వదిలేసి గిన్నెలు కడగడానికి వెళ్లింది. మామ్మగారి నడుం డ్రా షీటు అంచుకి సరిగ్గా ఉండేది. తొమ్మిదయ్యేసరికి జానెడు కిందికి జారింది. నైటీ వీపు మీద ముడతలు పడి పైకే ఉండిపోయింది, మనిషి కిందికొచ్చింది. చర్మం దుప్పటికి అంటుకుని ఉండిపోతుంది, లోపలి ఎముక జారుతుంది, మధ్యలో రక్తనాళాలు సాగి నలుగుతాయి. మనం రాపిడి అని రాస్తున్నది ఇదే. పది దాకా ఎవరూ ముట్టుకోలేదు. అలా రోజుకి ఐదుసార్లు తినిపిస్తుంటే, ఒక్కోసారి గంటన్నర, రెండు గంటలు, అంతసేపూ బరువు ఎర్రబడ్డ చోటే.

అంటే మా ప్లాన్లో రెండు లైన్లు ఒకదాన్నొకటి కొట్టుకుంటున్నాయి. మొదటి డయాగ్నోసిస్ తల ఎత్తమంటోంది, రెండోది దించమంటోంది. మేం రెండూ రాసేసి, ఎప్పుడు ఏది అన్నది రాయలేదు. మీ ప్లాన్‌ని మీరే ఇలా చదువుకోండి, ఇలాంటి ఢీ ఒకటైనా దొరుకుతుంది.

మార్చింది ఇది. తినిపించే ముందు మొదట మోకాళ్ల వైపు ఎత్తాలి, తర్వాతే తల. మోకాళ్లు మడిచి ఉంటే జారదు. తిన్నాక అరగంట అలాగే ఉంచాలి, అరగంట అవ్వగానే 30 డిగ్రీలకి దించి పక్కకి తిప్పాలి. కోడలి ఫోన్‌లో అరగంటకి అలారం పెట్టించాం. టర్నింగ్ చార్టులో టిక్కు తీసేసి "ఎడమ", "కుడి" అని రాయమన్నాం, ఏ పక్కకి తిప్పారో తెలియకుండా రాయలేరు కదా. రాత్రి వంతులకి కోడలితో పాటు మామ్మగారి మనవణ్ణి కూడా రప్పించాం.

ఇవాల్యుయేషన్‌లో నేను రాసింది: "48 గంటలు: గోల్ నెరవేరలేదు, 3×2 సెం.మీ. మారలేదు. కారణం: తిన్నాక రెండు గంటల వరకు తల ఎత్తే ఉంచడం, జారడం, రాత్రి తిప్పడం జరగలేదు. ప్లాన్ మార్చబడింది." ఐదో రోజుకి 1.5×1, నొక్కితే తెల్లబడటం మొదలైంది. ఎనిమిదో రోజుకి ఎరుపు పోయి కొంచెం నల్లని మచ్చ మిగిలింది. గోల్లో 72 గంటలని ఉంది కాబట్టి "పాక్షికంగా నెరవేరింది" అనే రాశాను. కాగితం మీద అది ఓటమిలా కనిపిస్తుందని దిద్దకండి. "నెరవేరలేదు, కారణం ఇది, మార్చింది ఇది" అన్న మూడు ముక్కలుంటే ఏ ఎగ్జామినరూ మార్కు కొయ్యరు. నేను దిద్దేటప్పుడైతే అలాంటివాటికే ఎక్కువ వేస్తాను.

ఒక జాగ్రత్త. పిరుదుల మధ్య మడతల్లో, ఎముక లేని చోట పల్చగా పరుచుకున్న ఎరుపు కనిపిస్తే అది తడి వల్ల వచ్చిన ఒరుపు కావచ్చు. దానికి తిప్పడం కంటే డైపర్ మార్చడం ముఖ్యం. ఎముక మీదే, అంచులు తెలిసేలా ఉంటే ఒత్తిడి పుండు. రెండూ కలిసి కూడా వస్తాయి. తేడా తెలియకపోతే సీనియర్ సిస్టర్‌కి చూపించి రాయండి.

డిశ్చార్జి ప్లానింగ్ గురించి మీరు అడగలేదు, కానీ మీ మేడం అడుగుతారు. మామ్మగారి ఇంట్లో వార్డు మంచం లేదు, మోకాళ్ల దగ్గర ఎత్తే మర లేదు. ఉన్నది నవారు మంచం, మధ్యలో ఊయల్లా దిగిపోయింది. దాన్ని పక్కనపెట్టించి చెక్క మంచం, దాని మీద ఫోమ్ పరుపు వేయించాం. వాళ్లు ముందు కొబ్బరి పీచు పరుపు కొంటామన్నారు, మా దగ్గర అదే చవక. అది గట్టిగా ఉంటుంది, ఒక్కదాన్నే వేస్తే లాభం లేదు. తొడల కింద మడిచిన దిండు పెడితే మోకాళ్లు ఎత్తిన పనే అవుతుంది. డ్రా షీటు బదులు నాలుగు మడతలు వేసిన పాత నేత చీర. గాలి పరుపు కొనుక్కోగలిగినవాళ్లకి కూడా రెండు మాటలు చెప్పండి: దాని మీద ఉన్నా తిప్పడం మానకూడదు. కరెంటు పోతే మోటారు ఆగుతుంది, అప్పుడు పరుపు కిందికి చెయ్యి పోనిచ్చి ఎముక కింద అంగుళం మందమైనా గాలి ఉందో లేదో చూడాలి.

కోడలికి గడియారం చూసి తిప్పడం అలవాటు కాలేదు. కాబట్టి ఇంటి పనుల వేళలకే ముడిపెట్టి కాగితం మీద రాసిచ్చాను: పాలు పోయించుకున్నాక ఎడమ, టిఫిన్ తర్వాత అరగంటకి కుడి, వంట పొయ్యి మీదికెక్కించాక ఎడమ, ఇలా రాత్రి పడుకునే దాకా. రాత్రికి మాత్రం ఫోన్‌లో అలారాలే. కింద ఎర్ర ఇంకుతో: చర్మం చిట్లినా, నీటిబొబ్బ లేచినా, నల్లబడినా, వాసన వచ్చినా, జ్వరం వచ్చినా ఆగకుండా ఆస్పత్రికి తీసుకురావాలి. మూడు వారాలకి రివ్యూకి వచ్చినప్పుడు ఆ కాగితం నూనె మరకలతో, నాలుగు మడతలతో ఆవిడ చేతిసంచిలోనే ఉంది. త్రికాస్థి మీద మచ్చ తప్ప ఏమీ లేదు. కుడి మడమ మాత్రం కొద్దిగా ఎర్రబడింది, అంచేత మళ్లీ 1.5×1 అని కొలిచి కొత్త డయాగ్నోసిస్ మొదలుపెట్టాం.